ఇంట్లో వద్దన్నందుకు విడిపోయిన మనిషి: కొత్తవాళ్ళకి చోటుందో లేదో ఎలా తెలుస్తుంది?

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు చాలా ప్రేమలు ఒకే చోట తెగుతాయి. డిగ్రీలోనో ఇంజనీరింగ్‌లోనో మొదలై ఐదారేళ్ళు నడుస్తాయి. ఉద్యోగాలు వచ్చాక ధైర్యం చేసి ఇంట్లో చెబుతారు. కులం దగ్గరో, ఆస్తి దగ్గరో, "ముందు చెల్లెలి పెళ్ళి కానీ" అన్న మాట దగ్గరో ఎవరో ఒకరి ఇంట్లో అడ్డం పడుతుంది. కొన్నాళ్ళు అలకలు, ఏడుపులు, మేనమామల రాయబారాలు నడిచి చివరికి ఇద్దరూ చెరో దారి పడతారు. ఆ తర్వాత కొద్ది నెలలకి ఆ ఇద్దరిలో ఒకరు వేరే ఎవరితోనో దగ్గరగా మాట్లాడడం మొదలుపెడతారు. ఆ వేరే ఎవరో ఉన్నారే, వాళ్ళ గురించే ఈ వ్యాసం.

ఆ స్థితిలో ఉన్నవాళ్ళకి దొరికే సలహాలు ఎక్కువగా బయటి దేశాల అనుభవంలోంచి వచ్చినవి. ఇద్దరికీ పొసగలేదు కాబట్టి విడిపోయారు, కాబట్టి పాత గాయం మానిందో లేదో చూసుకుంటే చాలు అన్నది వాటి లెక్క. మన దగ్గర కథ తరచుగా అలా ఉండదు. ఇష్టం చచ్చిపోయి విడిపోలేదు, అనుమతి దొరక్క విడిపోయారు. అందుకని చూసుకోవాల్సినవి రెండు ఉన్నాయి. పాత మనిషి మీద ఇష్టం ఎంత మిగిలింది అన్నది మొదటిది. ఏ గోడ దగ్గర ఆ ప్రేమ ఆగిందో అదే గోడ మళ్ళీ ఎదురైతే ఈసారి ఈ మనిషి ఏం చేస్తాడన్నది రెండోది. అందరూ మొదటిదాని గురించే మథనపడతారు. కానీ కొత్తగా మొదలైన పరిచయాన్ని చివరికి దెబ్బతీసేది చాలాసార్లు రెండోదే.

ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుంటే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. ఆమెకి ఇరవై ఏడు, ఒంగోలులో ఒక ప్రైవేటు బ్యాంకులో ఉద్యోగం. అతనికి ఇరవై ఎనిమిది, చీమకుర్తి వైపు ఒక గ్రానైట్ కంపెనీలో ఎకౌంట్స్ చూస్తాడు, సొంతూరు కందుకూరు దగ్గర పల్లె. నెల్లూరులో ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరంలో వేరే అమ్మాయితో మొదలైన అతని ప్రేమ ఏడేళ్ళు నడిచింది. సంక్రాంతికి ఇంట్లో చెప్పాడు, తండ్రి కుదరదన్నాడు. ఉగాది నాటికి అంతా అయిపోయింది. కంపెనీ పని మీద బ్యాంకుకి వస్తూ పోతూ మే నెలలో ఈమెతో పరిచయం పెరిగింది. జూన్ వచ్చేసరికి రోజూ రాత్రి ఫోను. ఆమె కులం కూడా అతనిది కాదు.

ఇక్కడ అందరూ మొదట అడిగేది "ఎన్నాళ్ళయింది?" అని. రెండు నెలలే అంటే వద్దంటారు, రెండేళ్ళంటే పర్లేదంటారు. తేదీకి అంత విలువ ఇవ్వడం తప్పు. డయాన్ వాన్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త విడిపోయినవాళ్ళతో వివరంగా మాట్లాడి, 1986లో వచ్చిన తన పుస్తకంలో ఒక విషయం చెప్పింది. విడిపోవాలని ముందుగా అనుకున్న మనిషి ఆ మాట బయటికి రావడానికి చాలా ముందే లోపల దూరం జరగడం మొదలుపెడతారు. రెండోవాళ్ళకి అది తెలిసేసరికి వీళ్ళు సగం దుఃఖం దాటేసి ఉంటారు. అంటే ఒకే రోజున విడిపోయిన ఇద్దరికీ దుఃఖం ఒకే రోజున మొదలవదు.

ఇంట్లోవాళ్ళ వల్ల విడిపోయిన జంటల్లో దీనికి ఇంకో రూపం ఉంటుంది. ఇద్దరిలో ఒకరు ముందే ఆశ వదిలేసుకుంటారు. తండ్రి సంగతి తెలుసు కాబట్టి రెండేళ్ళ క్రితమే "ఇది జరిగేది కాదులే" అని మనసులో అనుకుని, అయినా రోజులు గడిపినవాళ్ళు ఉంటారు. చివరి రోజు దాకా నమ్మి ఒక్కసారిగా కూలిపోయినవాళ్ళూ ఉంటారు. మొదటి రకానికి రెండు నెలలే ఎక్కువ కావచ్చు, రెండో రకానికి ఏడాది కూడా చాలకపోవచ్చు. కాబట్టి విడిపోయిన తేదీ కంటే, ఇద్దరిలో ఎవరు ఎప్పుడు చేతులెత్తేశారో తెలుసుకోవడం మేలు. "ఇంట్లో చెప్పేటప్పుడు ఒప్పుకుంటారనే అనుకున్నారా?" అని మామూలుగా అడిగితే ఆ సంగతి దానంతట అదే బయటికి వస్తుంది.

వెంటనే ఇంకొకరికి దగ్గరవడం దానికదే చెడ్డది అన్న నమ్మకం కూడా అంత గట్టిది కాదు. క్లాడియా బ్రంబా, క్రిస్ ఫ్రేలీ 2015లో ప్రచురించిన పరిశోధనలో, విడిపోయాక కొత్త బంధంలోకి వెళ్ళినవాళ్ళు ఒంటరిగా ఉన్నవాళ్ళ కంటే మెరుగైన మానసిక స్థితిలో, తమ మీద తమకి ఎక్కువ నమ్మకంతో కనిపించారు. తొందరగా వెళ్ళినవాళ్ళు అందుకు నష్టపోయినట్టు కనిపించలేదు. దానికి ముందు 2009లో స్టెఫనీ స్పీల్‌మన్, మరికొందరు చేసిన పరిశోధనలో ఇంకో సంగతి తేలింది. వదిలేస్తారేమోనన్న భయం ఎక్కువగా ఉండే మనుషులకి, కొత్త మనిషి మీద దృష్టి పెట్టడం పాత మనిషిని వదులుకోవడానికి సాయపడుతుంది.

ఈ రెండూ చదివి ఊరట చెందేవాళ్ళు ఒక సంగతి మర్చిపోతారు. ఆ పరిశోధనలు కొలిచింది విడిపోయి వచ్చిన మనిషికి కలిగే మేలుని. అవతల కూర్చుని వింటున్న కొత్త మనిషికి ఏం జరిగిందన్నది వాటి ప్రశ్న కాదు. పైగా అవి అమెరికా, కెనడాల్లో చేసినవి, అక్కడ కొత్త బంధానికి తండ్రి సంతకం అక్కర్లేదు. అతను కోలుకుంటున్నాడు, ఆమెతో మాట్లాడితే నిద్ర పడుతోంది, అన్నం సయిస్తోంది. ఇవన్నీ నిజమే కావచ్చు. అవి ఆమె అతనికి ఉపయోగపడుతోందని చెబుతాయి. ఆమెకి అతని జీవితంలో చోటుందని చెప్పవు.

ఈ రెండింటికీ తేడా తెలియకపోవడానికి పెద్ద కారణం మనసు విప్పి మాట్లాడడం. మన మగవాళ్ళు మామూలుగా తమ బాధ చెప్పుకోరు. అలాంటిది ఒక మనిషి రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి, తండ్రి ఎదురుగా నిలబడలేకపోయిన సంగతి గొంతు పూడుకుపోతూ చెబితే, వినేవాళ్ళకి అది ఎంతో దగ్గరితనంగా అనిపిస్తుంది. "ఇది నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు" అన్న మాట ఇంకా బలంగా పనిచేస్తుంది. కానీ బాధలో ఉన్న మనిషి శ్రద్ధగా వినే ఎవరితోనైనా అలా మాట్లాడగలడు. రైల్లో పక్క సీటువాళ్ళతో కూడా మాట్లాడేస్తారు.

తేడా పట్టుకోవడానికి రెండు చోట్ల చూడాలి. ఒకటి, ఫోను ఎప్పుడు వస్తోంది? ఆమె తేదీలు వేసుకుని చూస్తే, ఊరికి వెళ్ళొచ్చిన రాత్రి, తండ్రితో మాట పడిన రాత్రి, నిద్ర పట్టని రాత్రి ఫోన్లు ఉంటాయి. జీతం పెరిగిన రోజు, స్నేహితులతో కొత్తపట్నం బీచికి వెళ్ళిన ఆదివారం ఉండవు. అంటే బాగున్న రోజుల్లో ఆమె గుర్తు రావట్లేదు. మందు వేసుకోవడానికి నొప్పి ఉండాలి కదా. అదే మంచి రోజుల్లోనూ ఫోను వస్తుంటే, చెప్పడానికి విశేషం ఏమీ లేకపోయినా వస్తుంటే, లెక్క వేరు.

రెండోది, మాట ఎటు తిరుగుతోంది? ఆమెకి బ్యాంకులో మేనేజరుతో గొడవైందని సోమవారం చెప్పింది. గురువారం అతను దాని గురించి తనంతట తాను అడిగాడా? కొన్ని రోజులు అడగకపోతే పెద్ద విషయం కాదు, బాధలో ఉన్న మనిషి మతిమరుపు సహజమే. కానీ వారాలు గడిచినా ఆమె ఇంట్లో ఎంతమంది ఉంటారో, ఆమె దేనికి భయపడుతుందో అతనికి తెలియకపోతే, అతను మాట్లాడుతున్నది ఆమెతో కాదు, ఒక చెవితో. ఇది తెలుసుకోవడానికి ఆమె పరీక్షలు పెట్టక్కర్లేదు. ఒక నెలపాటు తన సంగతులు కూడా మామూలుగా చెబుతూ పోతే చాలు.

పాత కథని అతను ఎలా చెబుతున్నాడన్నది అన్నిటికంటే ఎక్కువ సమాచారం ఇస్తుంది. ఒకసారి వింటే తెలియదు. రెండు నెలల్లో అదే కథ ఐదారుసార్లు వస్తుంది, అప్పుడు పోల్చుకోవాలి. మొదటిసారి కథంతా తండ్రి మొండితనమే. కోలుకుంటున్న మనిషి చెప్పే కథలో నెమ్మదిగా కొత్త భాగాలు చేరతాయి. "నేను కూడా సంక్రాంతి దాకా నాన్చకుండా ముందే చెప్పుండాల్సింది", "తను ఇంట్లో తెగించి నిలబడింది, నేను నిలబడలేదు", "అసలు ఆఖరి ఏడాది మేమిద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు కూడా". తన వాటా, ఆ అమ్మాయి వాటా, ఆ బంధంలోనే ఉన్న లోపాలు కథలోకి వస్తున్నాయంటే దాన్ని కాస్త ఎడంగా నిలబడి చూడగలుగుతున్నాడని అర్థం.

కథ ఎన్నిసార్లు చెప్పినా అదే సీను దగ్గర, అవే మాటలతో ఆగిపోతుంటే అతను ఇంకా ఆ రోజులోనే ఉన్నాడు. ఆ అమ్మాయి దేవత, తండ్రి రాక్షసుడు, తను నిస్సహాయుడు అన్న పంపకం మారకపోవడం ఒక గుర్తు. దానికి తలకిందులుగా, ఏడేళ్ళూ మోసమే, ఆమె అంత చెడ్డది ఎవరూ లేరు అనడమూ అదే గుర్తు. కోపం కూడా గట్టి ముడే. పాత మనిషిని తిట్టేవాళ్ళని చూసి "ఇంక మనసులో ఏమీ లేదు" అనుకునేవాళ్ళు అక్కడే బోల్తా పడతారు.

దుఃఖం కనిపించినంత మాత్రాన చోటు లేదని తీర్మానించడం కూడా పొరపాటే. ఉదాహరణలోని అతను పాత అమ్మాయితో కలిసి కిందటేడు మొహర్రంలో నెల్లూరు రొట్టెల పండక్కి వెళ్ళాడు. బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి పెళ్ళి రొట్టె పట్టుకున్నారు. కోరిక తీరితే మరుసటి ఏడు వచ్చి అదే రకం రొట్టె ఇంకొకరికి ఇవ్వాలి. ఈ ఏడు పండగ రోజుల్లో అతను నాలుగు రోజులు ఫోను ఎత్తలేదు. ఆమెకి టెన్షన్. ఇలాంటి తేదీలు అందరినీ కుదిపేస్తాయి, కొన్ని ఏళ్ళ తర్వాత కూడా. అందుకే మాయమవడం కంటే, తిరిగి వచ్చాక ఏం చేశాడన్నది చూడాలి. "ఆ నాలుగు రోజులు నా మనసు బాగోలేదు, కారణం ఇది, చెప్పకుండా పోవడం తప్పు" అన్నవాడు తన దుఃఖాన్ని గుర్తుపట్టగలడు, దాని వల్ల ఇంకొకరికి తగిలే దెబ్బని కూడా చూడగలడు. ఏమీ జరగనట్టు గుడ్ మార్నింగ్ పెట్టినవాడితో అదే మళ్ళీ జరుగుతుంది. పాత అమ్మాయి పెళ్ళి రోజున ఏడ్చినవాడు దగ్గరవడానికి సిద్ధంగా ఉండొచ్చు, ఆ రోజు నవ్వుతూ బిర్యానీ తిన్నవాడు సిద్ధంగా లేకపోవచ్చు.

ఇక రెండో సంగతి, ఇల్లు. ప్రేమ తెగ్గొట్టిన ఇంట్లో తర్వాత జరిగేది సాధారణంగా ఒకటే, సంబంధాలు చూడడం. వీడు మళ్ళీ అటు వెళ్ళకముందే ముడి వేసేయాలని తల్లిదండ్రుల తొందర. వాట్సాప్‌లో బయోడేటాలు వస్తుంటాయి, శ్రావణంలో కాకపోతే మాఘంలో అంటుంటారు. ఆ ఒత్తిడిలో ఉన్న మనిషికి కొత్త పరిచయం ఊపిరి తీసుకునే కిటికీ అవుతుంది. అతనికి ఆమె మీద ఉన్నది నిజమైన ఇష్టమే కావచ్చు, చూస్తున్న సంబంధాల నుంచి తప్పించుకునే దారీ కావచ్చు, చాలాసార్లు రెండూ కలిసే ఉంటాయి. విడదీసి చూడాలంటే అడగాల్సింది ఒకటే: సంబంధాలు చూడడం ఇప్పటికి ఆపమని ఇంట్లో చెప్పాడా? ఆమె పేరు చెప్పనక్కర్లేదు, అంత తొందరగా చెప్పడం మంచిది కూడా కాదు. తన తరఫున తను "ఈ ఏడాది వద్దు" అనగలిగాడా అన్నదే విషయం. అది కూడా అనలేనివాడు రేపు వేరే కులం అమ్మాయి పేరు ఎత్తుతాడని ఆశించడం కష్టం.

కొత్త మనిషిది అదే కులం అయితే ఈ చిక్కు ఉండదని అనిపిస్తుంది. నిజానికి అప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. ఇంట్లో ఒప్పుకుంటారన్న ధీమాతో పరిచయం చకచకా ముందుకు పోతుంది. అందులో ఇష్టం ఎంత, "ఈమె అయితే గొడవ ఉండదు" అన్న లెక్క ఎంత అన్నది ఎవరికీ కనిపించదు, అతనికి కూడా. ఏడేళ్ళ ప్రేమని వదులుకున్న అలసటలో మనుషులు సులువుగా దొరికే శాంతిని ప్రేమ అనుకుంటారు. పెళ్ళయ్యాక రెండో ఏడో మూడో ఏడో అలసట తీరినప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. అడ్డంకి లేని చోట నిదానంగా పోవడమే మేలు.

ఇవన్నీ గమనించాక, లేదా గమనిస్తూ ఉండగానే, సూటిగా అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉంది. ఉదాహరణలో ఆమె జులైలో అడిగింది, అప్పటికి పాత అమ్మాయికి పెళ్ళి కుదరలేదు. "రేపు పొద్దున మీ నాన్న ఆ అమ్మాయినే చేసుకో అంటే ఏం చేస్తావు?" అతను నవ్వి, "ఆయన అనడులే" అన్నాడు. ఇది జవాబు కాదు. అడిగింది అతని గురించి, చెప్పింది తండ్రి గురించి. తన జీవితంలో నిర్ణయం తీసుకునేది ఇంకా తండ్రే అని తెలియకుండానే ఒప్పుకున్నాడు. "నీ దగ్గరికే వస్తా, ప్రామిస్" అని వెంటనే అనేయడం కూడా పెద్దగా ఆనదు. ఏడేళ్ళ బంధం గురించి ఒక్క క్షణం ఆలోచించకుండా వచ్చే మాట అడిగినవాళ్ళని సంతోషపెట్టడానికే వస్తుంది. వినదగ్గ జవాబు కాస్త ఆగి వస్తుంది, అంత తీయగా ఉండదు. "తెలియదు, ఒక రోజంతా నలిగిపోతాను. కానీ తను నా మీద నమ్మకం పోగొట్టుకుంది, మేము మళ్ళీ మొదలుపెట్టినా అది తిరిగి రాదు" లాంటిది. తనకి తెలియనిది తెలియదని చెప్పగలగడం, ఆ బంధం ఎందుకు అయిపోయిందో తండ్రి ప్రసక్తి లేకుండా చెప్పగలగడం, ఈ రెండూ అందులో ఉన్నాయి.

పెళ్ళయి విడిపోయినవాళ్ళ విషయంలో ఒక సంగతి అదనంగా చూసుకోవాలి. హిందూ వివాహ చట్టం కింద ఇద్దరి ఒప్పుదలతో విడాకులకి దరఖాస్తు చేయాలంటే కనీసం ఏడాది విడిగా ఉండాలి. ఆ తర్వాత ఆరు నెలల గడువు ఉంటుంది. తగిన పరిస్థితుల్లో ఆ ఆరు నెలల్ని కోర్టు తగ్గించవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. "విడాకులు నడుస్తున్నాయి" అన్న మాటకి ఎన్నో అర్థాలుంటాయి కాబట్టి, దరఖాస్తు పడిందా లేదా, ఇద్దరూ సంతకం పెట్టారా లేదా అని అడగడంలో మొహమాటపడక్కర్లేదు. పెళ్ళి కాని జంటలకి కోర్టు ఉండదు గానీ లెక్కలుంటాయి. ఇద్దరూ కలిసి కడుతున్న చీటీ, ఒకరి పేరు మీద తీసుకుని ఇంకొకరు కడుతున్న బండి ఈఎంఐ. అవి తెగనంతకాలం నెలనెలా ఒక ఫోను తప్పదు.

ఇంత గమనించినా ముందే తేలనివి ఉంటాయి. అతనికే తన మనసు తెలియని దశ అది. అప్పుడు వినడాన్ని కొంత తగ్గించి చూడడం ఒక దారి. ఉదాహరణలో ఆమె రాత్రి ఫోన్లు ఆపేసింది. కోపంగా కాదు, "పది దాటాక నేను మాట్లాడలేను, పొద్దున తెమలాలి, సాయంత్రం కలుద్దాం" అని చెప్పింది. ఆధారం కోసమే వచ్చినవాళ్ళు ఇక్కడ రెండు మూడు వారాల్లో పలచబడతారు, మెల్లగా ఇంకో చెవి వెతుక్కుంటారు. అతను అలా పోలేదు. సాయంత్రాలు కలిశాడు, పాత కథ తగ్గింది, ఆమె మేనేజరు గొడవ ఎంతవరకు వచ్చిందో అడిగాడు. మొదటి సంగతిలో అతను చాలావరకు గట్టెక్కాడనే అనుకోవాలి.

రెండోదాంట్లో సగమే వచ్చాడు. సంబంధాలు ఆపమని అక్కకి చెప్పాడు, తండ్రికి చెప్పలేదు. "అక్క నాన్నకి మెల్లగా చెబుతుంది" అన్నాడు. మన ఇళ్ళలో అక్క ద్వారా చెప్పించడం పిరికితనం అని కొట్టిపారేయలేం, చాలా మాటలు తండ్రి దాకా వెళ్ళేది ఆ దారినే. కానీ పోయినసారి కూడా మాట మొదలైంది అక్క దగ్గరే, ఆగింది తండ్రి దగ్గర. ఆమె దసరా దాకా అని ఒక గడువు అనుకుంది, అతనికి ఆ గడువు చెప్పింది కూడా. చెప్పకుండా లోపల గడువు పెట్టుకుని ఎదురుచూడడం అవతలివాళ్ళకి అన్యాయం. దసరాకి ఊరు వెళ్ళి తండ్రితో స్వయంగా మాట్లాడితే, ఆయన ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, ఈసారి అతను వేరే మనిషి. దీపావళికి చెబుతాలే అంటే ఒకసారి సర్దుకోవచ్చు, పంటల పనో, ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగోలేకపోవడమో కారణం ఉండొచ్చు. దీపావళి కూడా సంక్రాంతికి జరిగితే మాత్రం ఆమె ఇంకో గడువు పెట్టాల్సిన పని లేదు.